ఆల్ట్ టెక్స్ట్‌లో ఏం రాయాలి, ఫైల్‌కి ఏం పేరు పెట్టాలి: ఒక కలంకారీ దుపట్టా పేజీ ఆధారంగా

చేనేత, హస్తకళల సరుకు అమ్మే చిన్న సైట్లలో ఏదో ఒక ఫొటో మీద రైట్ క్లిక్ చేసి లోపలి కోడ్ చూస్తే తరచూ ఇలాంటిది కనబడుతుంది:

```html
<img src="IMG-20241103-WA0012.jpg"
     alt="కలంకారీ దుపట్టా కలంకారి చున్నీ kalamkari dupatta
     kalamkari chunni online best price కలంకారీ హైదరాబాద్">
```

ఇక్కడ తప్పులు రెండు. ఫొటో వాట్సాప్‌లో ఏ పేరుతో వచ్చిందో అదే పేరుతో సైట్‌కి ఎక్కింది, కాబట్టి ఫైల్ పేరు ఏమీ చెప్పదు. ఆల్ట్ టెక్స్ట్ మాత్రం బోలెడు చెబుతుంది, ఫొటోలో ఏముందో అన్నది ఒక్కటి తప్ప. దుపట్టా ఏ రంగు, దాని మీద ఏ బొమ్మ, అది కలంతో గీసిందా, అచ్చుతో అద్దిందా? ఈ ప్రశ్నలకు అందులో జవాబు లేదు. నిజానికి వెతికేవాళ్లు టైప్ చేసే మాటలు ఇవే.

ఆల్ట్ టెక్స్ట్ పని ఒక్కటే: ఫొటో చేరని చోట ఫొటోకి బదులు నిలబడటం. నెట్ మందంగా ఉండి ఫొటో లోడ్ కాకపోతే ఆ స్థానంలో బ్రౌజర్ చూపించేది అదే. చూపు లేనివాళ్లు ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ వాడితే వాళ్లకి వినబడేది అదే. గూగుల్ కూడా దాన్ని అలాగే చదువుతుంది. ఫొటో దేని గురించో తెలుసుకోవడానికి గూగుల్ ఆల్ట్‌తో పాటు పేజీలోని మాటలను, ఫొటోను గుర్తుపట్టే తన సొంత సాఫ్ట్‌వేర్‌ను కూడా వాడుతుంది. పేజీ శీర్షికలోనూ వివరణలోనూ ‘కలంకారీ దుపట్టా’ అని ఒకసారి ఉన్నాక, ఆరు ఫొటోల ఆల్ట్‌లలో అదే మాట ఆరుసార్లు వేస్తే గూగుల్‌కి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. పైగా ఆల్ట్‌లో కీవర్డులు కుక్కితే చదివేవాళ్లకి ఇబ్బంది, సైట్‌ని స్పామ్‌గా చూసే అవకాశమూ ఉందని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది.

కీవర్డులు కుక్కడం అంటే ఒకే మాటను పదిసార్లు రాయడం మాత్రమే కాదు. మన సైట్లలో అది ఎక్కువగా స్పెల్లింగుల రూపంలో వస్తుంది. కలంకారీ, కలంకారి, kalamkari, kalankari. శ్రీకాళహస్తి, కాళహస్తి, srikalahasti, sri kalahasthi. ఎవరు ఎలా టైప్ చేస్తారో తెలియదు కదా, అన్నీ వేసేద్దాం అన్న ఆలోచన. దీన్ని స్క్రీన్ రీడర్‌లో వింటే సంగతి తెలుస్తుంది. ఒకే మాట నాలుగు యాసల్లో వరసగా వినబడుతుంది, వాక్యం మాత్రం ఎప్పటికీ మొదలవదు. బాగా వాడుకలో ఉన్న స్పెల్లింగ్ తేడాలను గూగుల్ చాలావరకు తానే కలుపుకుంటుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఎక్కడో ఒకచోట ఉండాలనిపిస్తే పేజీ వివరణలో ఒక వాక్యంలో సహజంగా వచ్చేలా రాయండి, లేదా ఇంగ్లిష్‌లో వేరే పేజీ పెట్టండి. ఆల్ట్ అందుకు చోటు కాదు.

ఇప్పుడు ఒక పేజీని పూర్తిగా తీసుకుందాం. కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో అద్దిన నూలు దుపట్టా ఒకటి అమ్మకానికి ఉంది. పేజీ తెలుగులో ఉంది. అందులో ఆరు బొమ్మలు: దుపట్టా మొత్తం పరిచిన ఫొటో, అంచు దగ్గరగా తీసిన ఫొటో, వెనకవైపు ఫొటో, ఒకమ్మాయి వేసుకున్న ఫొటో, నొక్కితే వాట్సాప్ తెరుచుకునే గుర్తు, వివరణకీ ధరకీ మధ్య అలంకారంగా పెట్టిన లత.

ఆల్ట్ రాసే ముందు ప్రతి ఫొటోకీ వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ ఫొటోని ఇక్కడ ఎందుకు పెట్టాం? మొత్తం పరిచిన ఫొటో సరుకు ఏమిటో చూపించడానికి. అంచు ఫొటో పనితనం చూపించడానికి. రంగు అవతలికి ఎంత దిగిందో చూడాలని కొనేవాళ్లు అడుగుతారు కాబట్టి వెనకవైపు ఫొటో. వేసుకున్న ఫొటో పొడవు, వాలు తెలియడానికి. ఈ జవాబులను వాక్యాలుగా మారిస్తే ఆల్ట్‌లు వాటంతట అవే వస్తాయి:

```html
<img src="pedana-kalamkari-dupatta-peacock.jpg"
     alt="పెడన కలంకారీ నూలు దుపట్టా, మీగడ రంగు మీద
     నల్లగీతల నెమళ్లు, ఎర్రటి అంచు">
<img src="pedana-dupatta-red-border-closeup.jpg"
     alt="అంచు దగ్గరగా: ఆకుల లత, రెండు అచ్చులు
     కలిసిన చోట సన్నటి అతుకు గీత">
<img src="pedana-dupatta-reverse-side.jpg"
     alt="దుపట్టా వెనకవైపు, ఎరుపు నలుపు రంగులు
     కొద్దిగా లేతగా దిగి ఉన్నాయి">
<img src="peacock-dupatta-worn-white-kurta.jpg"
     alt="తెల్ల కుర్తా మీద ఒక భుజాన వేసిన దుపట్టా,
     కొస మోకాలి కిందికి వచ్చింది">
```

‘కలంకారీ’ అన్న మాట నాలుగు ఆల్ట్‌లలో ఒక్కసారే వచ్చింది. మొదటి ఫొటో సరుకు పేరు చెప్పేసింది, మిగతావి తమ వంతు వివరం చెబుతున్నాయి. అయినా సెర్చ్‌కి కావలసినవి అన్నీ ఉన్నాయి: పెడన, నూలు, నెమలి, ఎర్రటి అంచు. ఎర్ర అంచు ఉన్న నెమలి దుపట్టా కోసం వెతికే మనిషికి ఈ పేజీ అందే అవకాశం, ‘బెస్ట్ ప్రైస్’ అని రాసిన పేజీ కంటే ఎక్కువ. ఆ మాటలు ఎక్కడినుంచో తెచ్చి అతికించినవి కావు, బట్ట మీద ఉన్నవే.

రెండో ఆల్ట్‌లోని అతుకు గీత సంగతి కొంచెం చూడాలి. చేత్తో అచ్చు నొక్కేటప్పుడు ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు పడే చోట వెంట్రుకవాసి తేడా వస్తుంది. యంత్రం మీద ముద్రించిన బట్టలో ఆ తేడా కనబడదు. తెలిసి కొనేవాళ్లు వెతికేది సరిగ్గా దీన్నే. ఫొటోని చేతి అద్దకానికి రుజువుగా పెట్టి, ఆల్ట్‌లో ‘కలంకారీ దుపట్టా అంచు’ అని మాత్రం రాసి ఊరుకుంటే, ఫొటో చూడలేని కొనుగోలుదారుకి ఆ రుజువు అందనట్టే. శ్రీకాళహస్తి సరుకు అమ్మేవాళ్లకి కూడా ఇదే లెక్క. అక్కడ కలంతో చేత్తో గీస్తారు, పెడనలో అచ్చుతో అద్దుతారు, ధరల్లో బాగా తేడా. ఊరు పేరు ఆల్ట్‌లో ఉండదగ్గది అందుకే. ‘హైదరాబాద్’ అన్న పేరు ఉండకూడనిదీ అందుకే. ఫొటోలో ఉన్నది పెడన పని, హైదరాబాద్ అమ్మేవాడి అడ్రసు.

ఐదో బొమ్మ వాట్సాప్ గుర్తు. దాన్ని నొక్కితే ఏదో జరుగుతుంది, కాబట్టి దాని ఆకారాన్ని కాకుండా అది చేసే పనిని రాయాలి. ‘ఆకుపచ్చ వాట్సాప్ లోగో’ అని రాస్తే నొక్కాలో వద్దో వినేవాళ్లకి తెలియదు. ‘వాట్సాప్‌లో అడగండి’ అని రాస్తే చాలు. బొమ్మే లింక్ అయినప్పుడు గూగుల్ దాని ఆల్ట్‌ని లింక్ మీది మాటగా తీసుకుంటుంది. కాబట్టి లోపలి పేజీలకు దారి చూపే ఫొటోల దగ్గర, ఉదాహరణకి హోమ్ పేజీలో ‘నూలు దుపట్టాలు’ విభాగానికి పెట్టిన బొమ్మ దగ్గర, వెళ్లబోయే పేజీ పేరు ఆల్ట్‌లో ఉండటం సెర్చ్‌కీ మేలే.

ఆరోది అలంకారం. దానికి ఖాళీ ఆల్ట్ పెట్టాలి:

```html
<img src="divider.png" alt="">
```

ఖాళీగా పెట్టడం వేరు, అసలు ఆల్ట్ రాయకపోవడం వేరు. ఖాళీ ఆల్ట్ చూస్తే స్క్రీన్ రీడర్ ఆ బొమ్మను వదిలేసి ముందుకు పోతుంది. ఆల్ట్ అనేదే లేకపోతే అది ఊహకి దిగుతుంది. ముఖ్యంగా బొమ్మ ఒక లింక్ అయితే, చాలాసార్లు ఫైల్ పేరునో లింక్ అడ్రసునో అక్షరం అక్షరం చదివేస్తుంది: ‘ఐఎంజీ హైఫన్ రెండు సున్నా రెండు నాలుగు...’ అని. ప్రతి బొమ్మకీ బదులు మాటలు ఉండాలన్నది, వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ ఇచ్చిన సౌలభ్య ప్రమాణాల్లో మొట్టమొదటి నియమం, 1.1.1. అలంకారపు బొమ్మలకు మినహాయింపు అందులోనే ఉంది. ‘ఖాళీగా వదిలితే ఎస్‌ఈఓ పోతుంది’ అని అలంకారపు గీతకి కూడా కీవర్డు రాసేవాళ్లున్నారు. లతబొమ్మ కోసం ఎవరూ వెతకరు. ఒకవేళ వెతికినా వాళ్లు మీ దుపట్టా కొనేవాళ్లు కారు.

పొడవు గురించి ఒక లెక్క ప్రచారంలో ఉంది, ఆల్ట్ 125 అక్షరాలు దాటకూడదని. ప్రమాణాల్లో అలాంటి హద్దు లేదు. అయినా ఆచరణలో ఒక వాక్యం చాలు, పది పదిహేను మాటలు. ఆల్ట్ చదివేటప్పుడు వెనక్కి వెళ్లి సగం నుంచి వినడం కష్టం, అందుకే ముఖ్యమైనది ముందు రావాలి. ‘ఇది ఒక ఫొటో’, ‘చిత్రంలో’ లాంటి మొదళ్లు అక్కర్లేదు. అది బొమ్మ అని స్క్రీన్ రీడర్ ముందే చెబుతుంది. ఫొటో కింద క్యాప్షన్ ఉంటే దాన్నే ఆల్ట్‌లో మళ్లీ రాయకండి, రెండుసార్లు వినబడుతుంది.

భాష విషయంలో ఒక జాగ్రత్త. తెలుగు పేజీకి `lang="te"` పెట్టి ఉండాలి, ఆల్ట్ తెలుగులో ఉండాలి. స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలో ఆ గుర్తు చూసే నిర్ణయిస్తుంది. టెంప్లేట్‌తో పాటు వచ్చిన `lang="en"` అలాగే ఉండిపోతే, మీరు ఎంత శ్రద్ధగా తెలుగు ఆల్ట్ రాసినా దాన్ని ఇంగ్లిష్ గొంతు తడబడుతూ చదవొచ్చు, లేదా మింగేయొచ్చు.

చేనేత పేజీల్లో తరచూ జరిగే ఇంకో పొరపాటు అంగుళాల గుర్తు. 44 అంగుళాలను `44"` అని ఆల్ట్‌లో రాస్తే, ఆ కొటేషన్ గుర్తు దగ్గరే ఆల్ట్ ముగిసిపోయిందని బ్రౌజర్ అనుకుంటుంది. తర్వాతి మాటలన్నీ గల్లంతు. ‘44 అంగుళాలు’ అని అక్షరాల్లో రాయడమే నయం.

ఇక ఫైల్ పేరు. దీని గురించి జరిగే చర్చకీ దీని అసలు బరువుకీ పొంతన లేదు. ఫైల్ పేరు నుంచి తనకు అందేది చాలా తేలికపాటి సూచన మాత్రమేనని గూగులే చెబుతుంది. కాబట్టి దీని కోసం గంటలు ఖర్చు పెట్టకండి, కానీ అప్‌లోడ్ చేసే ముందు అర నిమిషం పెట్టండి. ఆ తర్వాత మార్చడం కష్టం గనుక ముందే సరిచేయాలి.

పైన చూపిన పేర్లలో పద్ధతి సులువే. అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, మాటల మధ్య హైఫన్, మూడు నుంచి ఐదు మాటలు. అండర్‌స్కోర్ బదులు హైఫన్ వాడమని గూగుల్ సలహా, మాటలు విడివిడిగా కనబడేది హైఫన్‌తోనే. చిన్న అక్షరాలు ఎందుకంటే, విండోస్ కంప్యూటర్‌కి `Dupatta.JPG`, `dupatta.jpg` ఒకటే. సైట్ నడిచే లినక్స్ సర్వర్‌కి అవి రెండు వేరు ఫైళ్లు. ఇంట్లో కంప్యూటర్‌లో బాగా కనబడిన ఫొటో సైట్‌లో పెట్టగానే మాయమైందంటే ముందు అనుమానించాల్సింది ఇదే. సరుకు కోడ్ ఉంటే చివర తగిలించుకోవచ్చు. `kalamkari-dupatta-online-buy-best-price.jpg` లాంటి పేరు మాత్రం ఆల్ట్‌లో మానేసిన తప్పును ఫైల్ పేరులో చేయడమే.

పేజీ తెలుగులో ఉన్నప్పుడు ఫైల్ పేరు కూడా తెలుగులో పెట్టొచ్చు కదా? పెట్టొచ్చు, గూగుల్‌కి అర్థమవుతుంది కూడా. ఇబ్బందులు వేరే చోట వస్తాయి. వెబ్ అడ్రసులో తెలుగు అక్షరం నేరుగా వెళ్లదు. ఒక్కో అక్షరమూ గుణింతమూ మూడు బైట్లు, ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా మారుతుంది:

```
కలంకారీ.jpg
%E0%B0%95%E0%B0%B2%E0%B0%82%E0%B0%95%E0%B0%BE%E0%B0%B0%E0%B1%80.jpg
```

ఏడు గుర్తుల మాట 63 అక్షరాలైంది. ఫొటో లింక్‌ని ఎవరికైనా పంపితే ఈ తోరణమే వెళుతుంది. లినక్స్ సర్వర్లలో సాధారణంగా ఒక ఫైల్ పేరుకి 255 బైట్ల హద్దు ఉంటుంది. తెలుగులో అంటే దాదాపు 85 గుర్తులు. ఒత్తులూ గుణింతాలూ లెక్కలోకి వస్తాయి కాబట్టి అది అనుకున్నంత ఎక్కువ కాదు.

అంతకంటే చికాకు పెట్టేది కంటికి కనబడని తేడా. ‘పైట’ అనే మాటలో ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వమూ దాని కింది భాగమూ కలిపి రెండు గుర్తులుగా.

```
ై  =  %E0%B1%88
ై  =  %E0%B1%86%E0%B1%96
```

స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనబడతాయి. మనం కీబోర్డుతో కొట్టేది సాధారణంగా మొదటిది. పాత మ్యాక్ కంప్యూటర్ల ఫైల్ వ్యవస్థ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను రెండో రకంగా విడగొట్టి దాచేది. అక్కడ తయారైన `పైట.jpg`ని జిప్ చేసి లినక్స్ సర్వర్‌కి ఎక్కించి, పేజీలో మొదటి రకం ‘పైట’తో లింక్ ఇస్తే ఫొటో రాదు. పేరు పది సార్లు సరిచూసినా తేడా కనబడదు. తెలుగు టైపింగ్‌లో ‘ఫోన్‌లో’ లాంటి మాటలు విడిగా నిలవడానికి వాడే కనబడని నాన్-జాయినర్ గుర్తు కూడా ఇలాగే ఫైల్ పేరులోకి చొరబడి `%E2%80%8C`గా బయటపడుతుంది. ఇన్ని చిక్కులకు ప్రతిఫలంగా దక్కేది ఆ తేలికపాటి సూచన ఒక్కటే కాబట్టి, తెలుగును ఆల్ట్‌కీ క్యాప్షన్‌కీ ఉంచుకుని ఫైల్ పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టడమే మంచిదని మా అభిప్రాయం.

ఇప్పటికే వందల ఫొటోలు `IMG-...WA0012` పేర్లతో సైట్‌లో ఉంటే? వాటి జోలికి వెళ్లకండి. ఫైల్ పేరు మారితే అడ్రసు మారుతుంది, గూగుల్‌కి అది కొత్త ఫొటో. పేజీలను చూసినంత తరచుగా గూగుల్ ఫొటోలను మళ్లీ వచ్చి చూడదు, కాబట్టి పాత ఫొటో జాబితాలోంచి పోయి కొత్తది చేరడానికి చాలా కాలం పడుతుంది. ఈలోగా ఇమేజ్ సెర్చ్ నుంచి వచ్చే కొద్దిమందీ రారు. సైట్ మొత్తం కొత్తగా కట్టుకుంటూ ఎలాగూ అడ్రసులు మారుతున్నప్పుడు పేర్లూ మార్చండి. అప్పుడు పాత ఫొటో అడ్రసు నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ పెట్టడం మరవద్దు. పేజీలకు పెట్టి ఫొటోలకు వదిలేయడం మామూలుగా జరిగే తప్పు. ఆల్ట్‌కి ఈ బెడద లేదు, ఎప్పుడైనా మార్చొచ్చు. పాత సైట్‌ని బాగుచేయాలంటే సమయమంతా ఆల్ట్‌ల మీదే పెట్టాలి.

వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు ఇక్కడ ఒకచోట బోల్తా పడతారు. మీడియా లైబ్రరీలో ఆల్ట్ సరిచేసి, పని అయిపోయిందనుకుంటారు. కానీ ఫొటోని పోస్టులో పెట్టిన క్షణంలోనే అప్పటి ఆల్ట్ ఆ పోస్టులోకి కాపీ అయిపోయింది. లైబ్రరీలో తర్వాత చేసిన మార్పు పాత పోస్టులకు చేరదు, వాటిని ఒక్కొక్కటే తెరిచి మార్చాలి. ఒక రకంగా ఇది మేలే. పెడన అచ్చుల గురించి రాసిన వ్యాసంలో అదే అంచు ఫొటో వాడితే, అక్కడ ఆల్ట్ ధ్యాస సరుకు మీద కాక అచ్చు పడే తీరు మీద ఉండాలి. ఒకే ఫొటోకి రెండు చోట్ల రెండు ఆల్ట్‌లు సబబే. ఇక పేజీ శీర్షికనో ఫైల్ పేరునో అన్ని ఫొటోల ఆల్ట్‌లలో దానంతటదే నింపే ప్లగిన్‌లు ఉన్నాయి. వాటిని ఆపేయండి. ఆరు ఫొటోలకు ఒకే శీర్షిక ఆరుసార్లు అంటే, మనిషి చేతితో కాకుండా కీవర్డులు కుక్కడమే.

పండగ ఆఫర్ పోస్టర్ల మాట కూడా చెప్పాలి. ‘ఉగాదికి దుపట్టాలపై 20 శాతం తగ్గింపు, ఈ ఆదివారం దాకా’ అని బొమ్మలోనే రాసి పెడితే, ఆ మాటలన్నీ ఆల్ట్‌లోకి రావాలి, ‘ఉగాది ఆఫర్ బ్యానర్’ అంటే చాలదు. అంతకన్నా ఆ మాటలను బొమ్మ బయట మామూలు అక్షరాల్లో పెడితే ఇంకా మంచిది. పోస్టర్‌ని సీఎస్‌ఎస్ బ్యాక్‌గ్రౌండ్‌గా పెడితే దానికి ఆల్ట్ రాసే వీలే ఉండదు, గూగుల్ ఇమేజ్ సెర్చ్ కూడా దాన్ని తీసుకోదు.

సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి మూడు పనులు చాలు. పేజీ తెరిచి, బ్రౌజర్ కన్సోల్‌లో ఇది కొట్టండి. ఆల్ట్ అసలే లేని బొమ్మల జాబితా వస్తుంది:

```js
document.querySelectorAll('img:not([alt])')
```

తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, స్క్రీన్ వైపు చూడకుండా ఆ పేజీని ఒకసారి వినండి. కుక్కిన మాటలు కంటికి దొరక్కపోయినా చెవికి ఇట్టే దొరుకుతాయి. మూడోది గూగుల్ సెర్చ్ కన్సోల్. అందులో పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరిచి `Search type`ను `Image`కి మారిస్తే, ఏ మాటలు వెతికినప్పుడు మీ ఫొటోలు కనబడ్డాయో తెలుస్తుంది. ఆల్ట్‌లు మార్చాక వెంటనే చూడకండి, గూగుల్ పేజీలను మళ్లీ చదవడానికి వారాలు పట్టొచ్చు. చూసినప్పుడు మొత్తం అంకె కంటే మాటల వరసను గమనించండి. ముందు ఉత్త ‘kalamkari’ ఉన్నచోట ‘peacock kalamkari dupatta’, ‘పెడన కలంకారీ’ లాంటివి చేరుతున్నాయంటే ఆల్ట్‌లోని వివరాలు పనిచేస్తున్నట్టే. వేలసార్లు కనబడి ఒక్క క్లిక్ కూడా రాని మాట ఏదైనా ఉంటే, ఆ మాట ఏ ఫొటో ఆల్ట్‌లో ఉందో వెతకండి. ఫొటోలో లేనిదాన్ని చెబుతున్న ఆల్ట్ అక్కడే దొరికే అవకాశం ఎక్కువ.